'చూద్దాంలే' అనే అబ్బాయికి నిజంగా తీరిక లేదా?

ప్రశ్న: మేడం గారూ, మాది ఒంగోలు దగ్గర పల్లె. బెంగళూరులో టెస్టింగ్ ఉద్యోగం, కుందలహళ్ళిలో పీజీలో ఉంటాను. రెండేళ్లుగా నేను ఇష్టపడుతున్న అబ్బాయిది కర్నూలు, పని ఎలక్ట్రానిక్ సిటీలో. మార్చిలో ప్రొడక్షన్ సపోర్టుకి మారాడు. నెలకో వారం ఆన్‌కాల్, అంటే రాత్రీపగలూ ఎప్పుడు పిలిచినా పనికి అందుబాటులో ఉండాలి అంటాడు. ఇదివరకు పది నిమిషాల్లో రిప్లై ఇచ్చేవాడు, ఇప్పుడు సాయంత్రానికో మర్నాటికో. శనివారం కలుద్దామా అంటే 'చూద్దాంలే, చెప్తా' అంటాడు. నేను తయారై కూర్చున్నాక మధ్యాహ్నం మూడింటికి 'ఇవాళ కుదిరేలా లేదు' అని మెసేజ్. రాత్రి ఒంటిగంటకు మాత్రం రీల్స్ పంపుతాడు, ఆన్‌లైన్‌లో కనిపిస్తాడు. ఆదివారం పొద్దున క్రికెట్ మానడు. అడిగితే 'నీకు సపోర్ట్ అంటే ఏంటో తెలీదు' అని విసుక్కుంటాడు. ఉగాదికి ఇంటికెళ్తే నాన్న సంబంధాల మాట ఎత్తారు, అది కూడా తనకి చెప్పాను. ఇదంతా పని వల్లేనా, లేక నేను తన లెక్కలో వెనక్కి పోయానా? ఎలా తెలుసుకోవాలి? — ఎస్.

సమాధానం:

ముందు ఆ 'ఆన్‌లైన్' సంగతి పక్కన పెట్టేద్దాం. అది సాక్ష్యం కాదు. వాట్సాప్‌లో పేరు కింద అలా కనిపిస్తే ఆ క్షణాన యాప్ తెరిచి ఉందని మాత్రమే. ఎవరితో మాట్లాడుతున్నాడో, అసలు దాని ముందు ఉన్నాడో లేడో అది చెప్పదు. పైగా సపోర్ట్ టీములు చాలావాటికి వాట్సాప్ గ్రూపు ఉంటుంది, సర్వరు పడిపోయిన కబురు ముందు అందులోనే వస్తుంటుంది. నీలం టిక్కులూ అంతే. నోటిఫికేషన్‌లోనే చదివేస్తే టిక్కు నీలం కాదు, బస్సులో వేలు తగిలి తెరుచుకున్నా నీలం అయిపోతుంది. రాత్రి పన్నెండున్నరకు అతని పేరు కింద చూస్తూ కూర్చుంటే మీకు మిగిలేది నిద్ర చెడడం ఒక్కటే.

రిప్లై ఆలస్యం కావడం కూడా, దాన్నొక్కదాన్నే తీసుకుంటే, పెద్దగా ఏమీ చెప్పదు. 'నీకు సపోర్ట్ అంటే ఏంటో తెలీదు' అన్న మాటకు మీ తరఫున నేను కొంత జవాబు చెప్పగలను, ఎందుకంటే ఇదే ఊళ్ళో చాలా ఏళ్లు సపోర్ట్ టీములకు రోస్టర్లు వేసింది నేనే. అతను చెప్పే కష్టం అబద్ధం కాదు. పీ వన్ టికెట్, అంటే అన్నిటికంటే అత్యవసరమైన ఫిర్యాదు పడిందంటే, చాలా కాంట్రాక్టుల్లో, ఆన్‌కాల్‌లో ఉన్న మనిషి పదిహేను నిమిషాల్లో 'నేను చూస్తున్నా' అని చెప్పాలి. వెంటనే బ్రిడ్జ్ కాల్. అందులో మేనేజరు, క్లయింటు వైపు వాళ్ళు, డేటాబేస్ టీము, నెట్‌వర్క్ టీము అందరూ చేరి అరగంటకోసారి 'ఎంతవరకు వచ్చింది' అని అడుగుతుంటారు. అర్ధరాత్రి రెండింటికి మొదలై తెల్లవారేదాకా సాగిన కాల్స్ ఎన్నో చూశాను. సమస్య తీరాక కూడా పని తీరదు, అది ఎందుకు వచ్చిందో చెప్పే ఆర్‌సీఏ రిపోర్టు రాసి పంపాలి. అలాంటి రోజున 'తిన్నావా' అన్న మెసేజ్‌కి కూడా జవాబివ్వబుద్ధి కాదు. ఫోను మోగితేనే గుండె దడదడలాడుతుంది. అది ప్రేమ తగ్గడం కాదు.

అయితే ఈ పనికి ఒక తీరుంది. ఏ రాత్రి సర్వరు పడిపోతుందో ఎవరికీ తెలియదు. ఏ వారం ఆ కాల్ తన ఫోనుకు వస్తుందో మాత్రం ముందే తెలుసు. నలుగురున్న టీములో మనిషికో వారం చొప్పున రోస్టర్ వేస్తారు, మామూలుగా నెల మొదలవ్వకముందే అది మెయిల్‌లో వచ్చేస్తుంది. మధ్యలో ఒకరిది ఒకరు మార్చుకోవడం ఉంటుంది, అదీ ఇద్దరూ మాట్లాడుకుని చేసుకునేదే. రిలీజులకూ తేదీలు ముందే ఖాయమవుతాయి. అంటే 'రాత్రి పదింటికి ఖాళీగా ఉంటావా' అంటే అతను నిజంగానే చెప్పలేకపోవచ్చు. 'వచ్చే మూడు శనివారాల్లో నువ్వు ఆన్‌కాల్‌లో లేనిది ఏది' అంటే మాత్రం చెప్పగలడు.

మీ ప్రశ్నకు నా జవాబు ఇక్కడే ఉంది. కారణం పనే అయితే, పని ఉన్న వారానికీ లేని వారానికీ అతని తీరులో తేడా కనిపించాలి. రెండు వారాలూ ఒకేలా ఉంటే కారణం ఇంకేదో.

దీన్ని ఎలా చూడాలో చెప్తాను. మీ చాట్ పైకి జరుపుతూ గడిచిన శనివారాలు ఒక్కొక్కటే చూడండి. ప్రతి శనివారం పక్కనా ఆ వారం అతను ఆన్‌కాల్‌లో ఉన్నాడో లేదో రాసుకోండి. గుర్తు లేకపోతే అడగండి, అందులో తప్పేమీ లేదు. ఇప్పుడు ఆ మధ్యాహ్నం మూడు గంటల మెసేజ్ ఏ శనివారాల్లో వచ్చిందో చూడండి. ఆన్‌కాల్ శనివారం వచ్చిందంటే దానికి వంద మార్కులు వేసి వదిలేయండి, ఆ రోజున మనిషి తన చేతిలో ఉండడు. దాని తర్వాతి శనివారమూ, ఆ పైదీ కూడా అదే మెసేజ్, అదే మూడింటికి వచ్చిందనుకోండి. అప్పుడు ఆన్‌కాల్ అనేది మీకు చెబుతున్న కారణమే గాని అసలు కారణం కాదు. అలా కాకుండా, ఖాళీ వారాల్లో మీకు మధ్యాహ్నానికల్లా రిప్లై వస్తూ, కలవడమూ జరుగుతూ, ఆన్‌కాల్ వారంలోనే మనిషి మాయమవుతుంటే మీ బాధ నిజమైనదే, అనుమానం మాత్రం నిజం కాదు.

ఈ లెక్కలో ఒక మినహాయింపు ఇవ్వాలి. మార్చిలో చేరాడు కాబట్టి మొదటి రెండు నెలలు లెక్కలోకి తీసుకోకండి. కొత్త ప్రాజెక్టులో ముందు పని నేర్పే కేటీ సెషన్లు ఉంటాయి, తర్వాత వేరొకరి ఆన్‌కాల్‌లో చూసి నేర్చుకుంటూ షాడోగా కూర్చోవాలి. కొన్ని టీముల్లో ఒకరు ప్రైమరీ, ఇంకొకరు సెకండరీ. ప్రైమరీ ఫోనెత్తకపోతే సెకండరీకి పోతుంది. అంటే నెలకో వారం అని చెప్పినా నిజానికి రెండు వారాలు కట్టుబడి ఉండొచ్చు. అది కూడా అడిగి తెలుసుకోండి, లేకపోతే అతనికి అన్యాయం చేస్తారు.

ఇంకో విషయం బయటివాళ్ళకి తెలియదు. ఆన్‌కాల్ అంటే గృహనిర్బంధం కాదు. లాప్‌టాప్, చార్జరు, ఫోన్ హాట్‌స్పాట్, కూర్చోవడానికి కాస్త చోటు ఉంటే చాలు. ఆ వారంలో అతను సినిమాకి రాలేడు, నంది హిల్స్‌కి రాలేడు. టిఫిన్‌కి రాగలడు. 2025 ఆగస్టులో ఎల్లో లైను మొదలయ్యాక ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ఆర్‌వీ రోడ్డుకి మెట్రోలో రావచ్చు. మీరు కుందలహళ్ళిలో పర్పుల్ లైను ఎక్కి మెజెస్టిక్‌లో గ్రీన్ లైనుకి మారితే జయనగర్‌లో దిగొచ్చు, ఆర్‌వీ రోడ్డు ఆ తర్వాతి స్టేషనే. మీకు గంటకు పైనే పడుతుంది, అది చిన్న శ్రమేమీ కాదు. కానీ సిల్క్ బోర్డు ట్రాఫిక్ పేరు చెప్పి తప్పించుకునే రోజులు మాత్రం పోయాయి. బ్యాగులో లాప్‌టాప్ పెట్టుకుని వచ్చి 'మధ్యలో కాల్ వస్తే ఏమనుకోకు' అన్నవాడికి నిజంగా తీరిక లేదు, అయినా వచ్చాడు.

క్రికెట్ గురించి మీకు కోపం వస్తోందని తెలుస్తూనే ఉంది. నేను కొంచెం అతని పక్షాన మాట్లాడతాను. ఆదివారం ఆట పది మంది కలిసి ఖాయం చేసుకున్నది. అతను ఏమీ నిర్ణయించనక్కర్లేదు, లేచి వెళ్ళడమే. అలసిపోయిన మనిషికి అది సుఖం. మీతో కలవడమంటే ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు అని తాను ఆలోచించాలి. కాబట్టి ఆడడం తప్పు కాదు. కానీ ఆన్‌కాల్ వారంలోని ఆదివారం కూడా ఆడుతున్నాడా అన్నది కనుక్కోండి. గ్రౌండులో ఫీల్డింగ్ చేస్తున్నవాడు పదిహేను నిమిషాల్లో లాప్‌టాప్ ముందు కూర్చోవడం కష్టం. టీములో ఎవరికో ఆ మూడు గంటలు అప్పజెప్పి వెళ్తున్నాడన్నమాట. ఆదివారం పొద్దున్న ఆటకు ఆ సర్దుబాటు చేసుకోగలిగినవాడు శనివారం సాయంత్రం మీకోసం కూడా చేసుకోగలడు.

ఇక 'చూద్దాంలే'. నన్నడిగితే ఆలస్యం కంటే ఈ మాటే ఎక్కువ చూడాల్సింది. తీరిక లేకపోవడం వేరు, తీరిక ఎప్పుడో చెప్పకపోవడం వేరు. మా టీములో ఒక అబ్బాయి ఉండేవాడు, కొత్తగా పెళ్ళయింది, భార్య మైసూరులో ఉద్యోగం. రోస్టర్ మెయిల్ రాగానే దాన్ని ఫోటో తీసి ఆమెకు పంపేవాడు. ఆన్‌కాల్ వారమంతా అతను ఆమెతో రోజుకి రెండు ముక్కలు మాట్లాడితే గొప్ప. కానీ ఆమె ఏనాడూ అడగాల్సిన పని పడలేదు, ఏ శనివారం బస్సెక్కాలో ఆమెకు తెలుసు. అదే టీములో ఇంకొకతని భార్య ఓ టీం డిన్నర్లో నా పక్కన కూర్చుని, 'మా వారికి ప్రతి శనివారం డ్యూటీ వేస్తారేంటి మేడం' అని అమాయకంగా అడిగింది. రోస్టర్ వేసేదాన్ని నేనే. గులాబ్ జామూన్ వైపు చూస్తూ ఏదో అనేసి ఊరుకున్నాను.

పని వల్ల రాలేకపోయినవాడు ఈ శనివారం పోయిందంటే దాని బదులు ఇంకోటి తానే తెస్తాడు. 'ఇవాళ కుదరదు, రేపు నాలుగింటికి?' అని. నిజంగా ఏదీ తెలియని రోజైతే, తెలిసే సమయమైనా చెప్తాడు: 'పదకొండింటికి హ్యాండోవర్ అయ్యాక చెప్తా' అని. ఆ ఒక్క ముక్క టైపు చేయడానికి ఎంత పనిలో ఉన్నా సమయం ఉంటుంది. మీ చాట్‌లో 'కుదిరేలా లేదు' తర్వాత ఏముందో చూడండి. తర్వాతి తేదీ ఎప్పుడైనా అతని వైపు నుంచి వచ్చిందా, ప్రతిసారీ మీరే ఎత్తారా? శనివారాల పట్టీ ఎంత ముఖ్యమో ఇదీ అంత ముఖ్యం.

ఇప్పుడు మీ ఉత్తరంలో మీరు దాటేసిన సంగతికి వస్తాను. మార్చిలో ప్రాజెక్టు మారింది. దాదాపు ఆ రోజుల్లోనే ఉగాది, మీ నాన్నగారు సంబంధాల మాట, అది మీరు అతనికి చెప్పడం. రెండూ ఒకేసారి జరిగాయి. మీరు పని, ప్రేమ అని రెండే కారణాలు చూస్తున్నారు. మూడోది ఉంది: అతను మిమ్మల్ని తప్పించుకోవడం లేదు, ప్రశ్నను తప్పించుకుంటున్నాడు. కలిస్తే 'మీ ఇంట్లో ఎప్పుడు చెప్తావ్' అన్న మాట వస్తుందని అతనికి తెలుసు. వాళ్ళింట్లో చెప్పే ధైర్యం ఇంకా రాలేదేమో, చెల్లి పెళ్ళి ముందుందేమో, లోన్ ఉందేమో. లేదా చెప్పే ఉద్దేశమే లేదేమో.

దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. ఏ మెసేజ్‌లకు ఆలస్యంగా జవాబిస్తున్నాడో చూడండి. పనిలో మునిగినవాడు అన్నిటికీ ఒకేలా ఆలస్యం చేస్తాడు, నవ్వు తెప్పించేవాటికీ, నిర్ణయం అడిగేవాటికీ. అతను రాత్రి ఒంటిగంటకు రీల్స్ పంపుతున్నాడు. అంటే ఫోను చేతిలో ఉంది, మీరు మనసులో ఉన్నారు కూడా, ఎందుకంటే అది పంపింది మీకే. కానీ రీల్‌కు జవాబు చెప్పక్కర్లేదు, తేదీ ఖాయం చేయక్కర్లేదు. మీ కబుర్లకు, జోకులకు చప్పున స్పందించి, 'ఎప్పుడు' అన్న మాట ఉన్నవాటికే మర్నాటిదాకా మౌనంగా ఉంటే అది రోస్టర్ సమస్య కాదు. ఉన్న కొద్ది వివరాలతో నేను ఊహిస్తున్నది ఇదే, చాట్ మొత్తం చూసేది మీరు కాబట్టి ఖాయం చేసేదీ మీరే. క్రికెట్‌తో సహా అన్నీ మానేసి, ఇంటికి ఫోను కూడా చేయకుండా, ఎప్పుడూ నిద్ర లేక చిరాగ్గా ఉంటే మాత్రం కథ వేరు. అప్పుడు అడగాల్సింది మీ ఇద్దరి గురించి కాదు, అతని ఒంట్లో ఎలా ఉందని. మీరు రాసినదాంట్లో అలాంటిదేమీ కనబడలేదు.

చేయాల్సింది. పరీక్ష పెడదామని రెండు రోజులు మాట్లాడకుండా ఉండడం లాంటివి వద్దు. నిజంగా పనిలో ఉన్నవాడు మీ మౌనాన్ని గమనించడు, తప్పించుకుంటున్నవాడు ఊపిరి పీల్చుకుంటాడు. రెండిట్లోనూ మీకు తెలిసేది ఏమీ ఉండదు. 'బిజీనా?', 'ఏమైంది?', 'నా మీద కోపమా?' అని వరసగా పంపడమూ వద్దు, మీరు అడిగేకొద్దీ అతను ముడుచుకుంటాడు, అతను ముడుచుకునేకొద్దీ మీరు ఇంకా అడుగుతారు. ఈ వరస ఒకసారి మొదలైతే మొదటి తప్పు ఎవరిదో ఇద్దరికీ గుర్తుండదు.

ఒకే ఒక్క మెసేజ్, అదీ అతను ఖాళీగా ఉండే వారం మొదట్లో పంపండి. ఇలా ఉండొచ్చు: 'వచ్చే నెల రోస్టర్‌లో నీ ఆన్‌కాల్ తేదీలు పంపు, ఆ వారం నేనేం అడగను. మిగతా శనివారాల్లో రెండు నువ్వే చెప్పు. జయనగర్ అయితే ఇద్దరికీ కుదురుతుంది. గురువారం రాత్రిలోగా చెప్తే చాలు, లేకపోతే శనివారం నేను వేరే ప్లాన్ చేసుకుంటా.' రోస్టర్ ఫోటో అడగకండి, అందులో మిగతావాళ్ళ పేర్లు, ప్రాజెక్టు వివరాలు ఉంటాయి. తేదీలు చాలు. చివరి వాక్యం బెదిరింపు కాదు, నిజంగానే అలా చేయండి. గురువారం దాటితే శనివారం మీ పీజీ స్నేహితురాళ్ళతో బయటికి వెళ్ళండి. మూడింటిదాకా తయారై కూర్చోవడం ఇక ఉండదు, దాంతో మీ కోపంలో సగం తగ్గి లెక్క సరిగ్గా కనిపిస్తుంది.

తర్వాత ఒక పూర్తి రోస్టర్ తిరిగేదాకా, అంటే ఒక నెల, గమనించండి. ఆన్‌కాల్ వారం గడిచాక ఖాళీ వారాలు కూడా వస్తాయి కాబట్టి అంతకంటే తక్కువలో తేల్చకండి. తేదీలు చెప్పి, చెప్పినవాటిలో ఒకటి పీ వన్ వల్ల పోయినా బదులు తానే తెచ్చాడంటే, మీరు వెనక్కి పోలేదు. రిప్లైలు మర్నాటికి వచ్చినా సరే. పాత పది నిమిషాల రిప్లైలు మళ్ళీ రాకపోవచ్చు, ఈ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ అంతే అనుకోవాలి. తేదీలు చెప్పి ఖాళీ వారంలో కూడా రాకపోయినా, అసలు తేదీలే చెప్పకుండా 'నమ్మకం లేదా' అని ఎదురు తిరిగినా, మీకు జవాబు వచ్చినట్టే.

పెళ్ళి మాట మాత్రం చాట్‌లో ఎత్తకండి. కలిసిన రోజున, తిన్నాక, నేరుగా అడగండి: 'మా నాన్న మాట చెప్పినప్పటి నుంచి నువ్వు కలవడానికి వెనకాడుతున్నట్టు నాకనిపిస్తోంది. నాకు ఇవాళే ముహూర్తం అక్కర్లేదు. మీ ఇంట్లో చెప్పే ఉద్దేశం ఉందా, ఉంటే ఎప్పుడు?' అప్పుడు కూడా 'చూద్దాంలే' అంటే, ఆన్‌కాల్ లేని రోజున, ఎదురుగా కూర్చుని అన్న 'చూద్దాంలే' అది. దాన్ని పనిమీద నెట్టడానికి ఇక వీల్లేదు. 'దసరాకి ఇంటికెళ్ళినప్పుడు అమ్మకు చెప్తా, ముందు అన్నయ్యతో మాట్లాడాలి' లాంటిది ఏదైనా చెప్తే, భయపడుతూ చెప్పినా సరే, అందులో ఒక పండగ, ఒక మనిషి పేరు ఉన్నాయి. దసరా తర్వాత మీరు అడగొచ్చు.

మీ నాన్నగారితో అప్పటిదాకా అబద్ధాలు ఆడక్కర్లేదు. 'ఒక రెండు నెలలు ఎవరినీ రమ్మనకండి నాన్నా, నేను మీతో మాట్లాడాల్సింది ఉంది' అంటే చాలు. రెండు నెలల్లో ఒక రోస్టరూ, ఆ సంభాషణా రెండూ అయిపోతాయి. వేరే సంబంధం చూస్తున్నారని అతన్ని తొందరపెట్టడానికి మాత్రం ఆ మాట వాడకండి. భయంతో ఒప్పుకున్నవాడు మళ్ళీ మార్చి నాటికి ఇంకో రోస్టర్ వెతుక్కుంటాడు.